పెసరావకాయ లాంచ్ ప్లాన్: జూన్ 8 నుంచి 21 దాకా

పిన్నీ, వదినా, చరణ్, ముగ్గురికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా, కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదివి ఏమన్నా మార్చాలంటే శనివారం లోపు చెప్పండి. ఆదివారం పోస్టులన్నీ షెడ్యూల్‌లో పెట్టేస్తా, తర్వాత మార్చాలంటే నాకు తలనొప్పి.

ముందు డేట్ల సంగతి. అధిక జ్యేష్ఠం జూన్ 15 అమావాస్యతో అయిపోతోంది, పిన్ని ఆ తర్వాతే బోణీ అంది కాబట్టి ఆర్డర్లు 17 బుధవారం మొదలుపెడదాం, అందరికీ ఓపెన్ 19 శుక్రవారం పొద్దున 11కి. నిజానికి ఇది మనకే మంచిది, మే మొదట్లో కలిపిన కాయ అప్పటికి ముక్క బాగా ఊరి ఉంటుంది, కొన్నవాళ్ళు మూత తీయగానే తినేయొచ్చు, ఇంకో పది రోజులు ఆగండి అని చెప్పక్కర్లేదు. అధిక మాసంలో పోస్టులతో జనాన్ని ఊరించడానికి మాత్రం అడ్డేమీ లేదు కదా పిన్నీ.

స్టాకు అరకిలో సీసాలు 120, పావుకిలోవి 90. ఇందులో అరకిలోవి 15, పావుకిలోవి 10 పక్కన పెట్టెయ్, చరణ్. దారిలో పగిలినా నూనె కారినా మారుమాట లేకుండా ఇంకోటి పంపాలి, అవి ఎవరడిగినా అమ్మొద్దు, మన బంధువులైనా సరే.

రేటు అరకిలో 450, పావుకిలో 240. డిస్కౌంట్ వద్దు అని నేను గట్టిగా అనుకుంటున్నా. మొదటి రోజే 20 శాతం తగ్గించి అమ్మితే రెండో వారం ఫుల్ రేటుకి కొన్నవాడికి మండుతుంది, పైగా పచ్చడి అసలు రేటు అదేనేమో అని అందరూ ఫిక్స్ అయిపోతారు. దాని బదులు ముందుగా కొన్న మొదటి 60 ఆర్డర్లకి వంద గ్రాముల కందిపొడి ప్యాకెట్ ఉచితం, ఆంధ్రా తెలంగాణ రెండు రాష్ట్రాల్లో డెలివరీ కూడా ఫ్రీ. కందిపొడి మన చేతిలో ఉన్న సరుకే, ఒకసారి రుచి చూసినవాళ్ళు మళ్ళీ అడుగుతారు. ఆఫర్ 17, 18 రెండు రోజులే, అదీ వాట్సాప్ లిస్టులో ఉన్నవాళ్ళకే. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టట్లేదు, తలుపు దగ్గర వద్దన్నారంటే ఆ సీసా ఎండలో రెండు ఊళ్ళు తిరిగొస్తుంది, దాన్ని మళ్ళీ ఎవరికీ అమ్మలేం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, ఒక్కో లిస్టులో 256 మందే పడతారు. అందుకే మొదటి వారం టీజర్ల పని అమ్మడం కాదు, జనం చేత నంబర్ సేవ్ చేయించడం. ప్రతి పోస్టు కింద అదే మాట ఉండాలి. వచ్చినవాళ్ళని హైదరాబాద్ ఒక లిస్టు, ఆంధ్రా ఒక లిస్టు, మిగతా ఊళ్ళు ఒక లిస్టుగా పెడతా.

ఇక పోస్టులు. వదినా, మేలో నువ్వు తీసిన వీడియోలే వాడతాం, కొత్తగా షూట్ అక్కర్లేదు, పాటలు కూడా పెట్టొద్దు, కత్తి కాయలో దిగి టెంక పగిలే ఆ టక్ మనే సౌండే చాలు.

8 సోమవారం, వాసెన కట్టిన జాడీ ఫొటో ఒక్కటే. కింద ఇలా:
"ఈ జాడీలో ఉన్నది ఆవకాయే. కానీ ఆవపిండి వెయ్యలేదు. మరి ఏ పిండి వేశామో చెప్పండి చూద్దాం. జవాబు బుధవారం. ముందే తెలుసుకోవాలంటే మా నంబర్ సేవ్ చేసుకుని 'జాడీ' అని మెసేజ్ పెట్టండి."

కామెంట్లలో ఎవరు కరెక్ట్‌గా చెప్పినా లైక్ కొట్టి ఊరుకోండి, అవునని చెప్పెయ్యకండి. గోదావరి జిల్లాల పెద్దవాళ్ళు ఐదు నిమిషాల్లో పట్టేస్తారు, పట్టనివ్వండి, వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటేనే పోస్టు నలుగురికీ వెళ్తుంది.

10 బుధవారం, పిన్ని పెసరపిండి జల్లిస్తున్న రీలు.
"పెసరావకాయ! పచ్చిమామిడి ముక్క, పెసరపిండి, గుంటూరు కారం, ఉప్పు, నువ్వుల నూనె, అంతే. ఆవఘాటు ఉండదు కాబట్టి ముక్కుకి ఎక్కదు. పిల్లల కంచంలో కాస్త నెయ్యి వేసి కలిపితే చాలు. 19న వస్తోంది. ముందే కావాలంటే మా నంబర్ సేవ్ చేసుకుని 'జాడీ' అని మెసేజ్ పెట్టండి."

12 శుక్రవారం, బళ్ళు తెరిచే టైము కాబట్టి లంచ్ బాక్సులో పెసరావకాయ అన్నం, పక్కన పెరుగన్నం. మాటలు తక్కువ, ఫొటో ఎక్కువ. 14 ఆదివారం స్టోరీలో కౌంట్‌డౌన్ స్టిక్కర్, రిమైండర్ నొక్కినవాళ్ళకి 19న ఫోన్‌లో వచ్చేస్తుంది. 15, 16 ఏమీ పెట్టొద్దు, ఆ రెండు రోజులు లేబుళ్ళు అతికించడానికే సరిపోవు.

17 పొద్దున 9కి లిస్టులకి వెళ్ళే మెసేజ్ ఇది:
"నమస్కారం అండీ, పెసరావకాయ రెడీ. శుక్రవారం అందరికీ ఇస్తున్నాం, మీకు మాత్రం ఈ రోజే. మొదటి 60 ఆర్డర్లకి వంద గ్రాముల కందిపొడి మా తరఫున, ఆంధ్రా తెలంగాణ అయితే డెలివరీ కూడా ఫ్రీ. అరకిలో 450, పావుకిలో 240. ఎన్ని కావాలో, అడ్రస్ పిన్‌కోడ్‌తో సహా ఇక్కడే పంపండి, యూపీఐ క్యూఆర్ పంపిస్తాం. రేపు రాత్రి 9 వరకే అండీ."

డబ్బులొచ్చాక వెంటనే "అందింది అండీ, ఫలానా రోజు పంపుతున్నాం" అని జవాబివ్వాలి, అది నేను చూసుకుంటా. 60 దాటాక అడిగినవాళ్ళకి కందిపొడి అయిపోయిందని నిజం చెప్పేద్దాం, సాగదీయొద్దు.

17న వచ్చిన ఆర్డర్లు 18 మధ్యాహ్నం, 18న వచ్చినవి 19 పొద్దున వెళ్ళిపోవాలి. 19 పొద్దున 11 నుంచి వచ్చేవి 22 సోమవారమే పంపుతాం, శనివారం ఇచ్చిన పార్సిల్ ఆదివారమంతా గోడౌన్‌లో వేడికి ఉడుకుతుంది. చరణ్, సీసా నిండా నింపకు, పైన వేలెడు ఖాళీ వదులు, లేకపోతే వేడికి నూనె ఉబ్బి మూతలోంచి కారుతుంది. సీల్ వేశాక ఒక్కో సీసా రాత్రంతా తలకిందులుగా పేపర్ మీద పెట్టు, పొద్దున మరక కనిపిస్తే దాన్ని పక్కకి తీసెయ్.

19 పొద్దున 11కి రీలు, పిన్ని వేడన్నంలో మొదటి ముద్ద కలిపేది, పిన్ని మొహం కనిపించాలి, పిన్నీ ఈసారి తప్పించుకోవద్దు. 20న ఎవరైనా పార్సిల్ విప్పి ఫొటో పెడితే వాళ్ళని అడిగి మన స్టోరీలో పెడదాం. 21 సాయంత్రం ఇంకా ఎన్ని మిగిలాయో ఉన్నదున్నట్టు నంబర్ పెడదాం, అయిపోతే అయిపోయిందని చెప్దాం, ఈ ఏడాది ఇంకో జాడీ కలిపే కాయ దొరకదు కాబట్టి ప్రీ ఆర్డర్లు కూడా తీసుకోవద్దు.

అమెరికా నుంచి అడిగేవాళ్ళకి ఈసారి మనం నేరుగా పంపట్లేదు, ఇక్కడ వాళ్ళ అమ్మానాన్నల అడ్రస్ ఇస్తే అక్కడికి పంపుతాం, ఆగస్టులో వెళ్ళే పిల్లల సూట్‌కేసుల్లో ఎలాగూ పచ్చళ్ళే కదా ఉండేది. చేతి బ్యాగ్‌లో పెట్టొద్దని మాత్రం చెప్పండి.

వదినా, లేబుల్ డిజైన్‌లో 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, పచ్చ చుక్క, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎప్పటిలోపు వాడాలి, బరువు, ఎంఆర్‌పీ అన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూసి గురువారం లోపు ప్రింటింగ్‌కి ఇచ్చెయ్. పావుకిలో లేబుల్ మీద అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి, మామిడికాయ బొమ్మ తగ్గించి అవి పెంచమని చెప్పు.