శ్రీను రాసిన వినియోగదారు ఫిర్యాదుకు దిద్దుబాట్లు

శ్రీనూ,

కాలిపోయిన బోరు మోటారు గురించి షాపాయన మీద నువ్వు రాసి పంపిన ఫిర్యాదు నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. నీ బాధ నిజమే. కానీ వినియోగదారుల కమిషన్ వాళ్లకు నీ కోపం కంటే ముందు తేదీలు కనబడాలి. నువ్వు మొదటి పేజీ అంతా షాపాయన తిట్టిన మాటలే రాసి, బిల్లు సంగతి మూడో పేజీలో పెట్టావు. అందుకే జరిగింది జరిగిన వరసలో మళ్లీ పేర్చాను.

ఒక్క చోట పెద్ద చిక్కుంది. మోటారు రెండోసారి కాలింది ఏప్రిల్ 27న అని రాశావు. నీ ఫోన్లో షాపాయనకు పంపిన వాట్సాప్ మెసేజ్ మీద మాత్రం ఏప్రిల్ 25 అని ఉంది. కాలకముందే కాలిందని ఎట్లా చెప్పావని వాళ్ల వకీలు మొదటి రోజే అడుగుతాడు. మెకానిక్ చీటీ చూస్తే 24 అని ఉంది, అదే వేశాను. ఆ చీటీ జాగ్రత్త.

రెండో పేజీలో "తోట మొత్తం ఎండిపోయింది" అన్నావు, చివర "పిందె రాలింది" అన్నావు. తోట బతికే ఉందని ఊరంతా చూస్తోంది కదా. జరిగినంతే రాశాను. "ఆ షాపోడు నన్ను నిలువునా ముంచిండు" అన్న వాక్యం తీసేసి, ఆయన ఏం చేయలేదో రాశాను. "ఫోరం" అని రాసిన చోటల్లా "కమిషన్" చేశాను. 2019 చట్టం వచ్చాక అదే పేరు.

నువ్వు అసలే రాయనిది ఒకటి చేర్చాను. తోట కోసం కొన్నావు కాబట్టి అది వ్యాపారం, నువ్వు వినియోగదారువే కావని వాళ్లు అనొచ్చు. సొంత శ్రమతో బతుకుతెరువు కోసమే వాడుకునే వస్తువుకు ఆ అడ్డు లేదని చట్టంలోనే ఉంది. అందుకే మొదటి పేరా అట్లా మొదలైంది.

ఇరవై లక్షలు అడగడం తీసేశాను. కాగితం చూపించగలిగినవి కాగితం లెక్కన, మనోవేదనకు వేరుగా అడుగుదాం. దిద్దిన ప్రతి ఇదీ:

గౌరవనీయులైన నల్లగొండ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ వారికి,

వినియోగదారుల రక్షణ చట్టం, 2019, సెక్షన్ 35 కింద ఫిర్యాదు

1. నేను గుర్రంపోడు మండలంలో మూడెకరాల బత్తాయి తోటను స్వయంగా సాగు చేసుకుంటూ, దాని మీదే జీవిస్తున్న రైతును. నేను ఈ జిల్లా నివాసిని కాబట్టి ఫిర్యాదు విచారించే అధికారం ఈ కమిషన్‌కు ఉంది.

2. 12-03-2025న నల్లగొండలోని ఎదుటి పక్షం దుకాణంలో 7.5 హెచ్‌పీ బోరు మోటారును రూ.42,500 చెల్లించి కొన్నాను. బిల్లుతో పాటు ఏడాది వారంటీ కార్డు ఇచ్చారు.

3. 03-04-2025న మోటారు వైండింగ్ కాలిపోయింది. ఎదుటి పక్షం పంపిన మెకానిక్ బాగు చేసి 06-04-2025న తిరిగి బిగించాడు.

4. 24-04-2025న అదే మోటారు మళ్లీ కాలిపోయింది. 25-04-2025న ఫొటోలతో వాట్సాప్‌లో తెలియజేశాను. 28-04-2025న దుకాణానికి వెళ్లగా, వోల్టేజీ సమస్య వల్ల కాలిందని, వారంటీ వర్తించదని నోటిమాటగా చెప్పారు. మోటారును పరీక్షించలేదు, రాతపూర్వకంగా కారణం ఇవ్వలేదు.

5. 09-05-2025న రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. 12-05-2025న అందినట్లు రసీదు ఉంది. జవాబు రాలేదు.

6. 24-04-2025 నుంచి 20-05-2025 వరకు 18 ట్యాంకర్ల నీళ్లు, ఒక్కోటి రూ.900 చొప్పున కొని చెట్లకు పోశాను. అయినా నీళ్లు చాలక పిందె కొంత రాలింది. 21-05-2025న వేరే మోటారు దించుకున్నాను. కాలిన మోటారు విప్పకుండా నా దగ్గరే ఉంది. కమిషన్ ఆదేశిస్తే పరీక్షకు అప్పగిస్తాను.

7. కాబట్టి మోటారు ధర రూ.42,500, ట్యాంకర్ల ఖర్చు రూ.16,200, మనోవేదనకు రూ.25,000, కేసు ఖర్చుల కింద రూ.5,000, మొత్తం రూ.88,700 ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇంతే తమ్మీ. ప్రతి పేరా చదివి, నీకు తెలిసిన నిజానికి తేడా ఉంటే ఎర్ర పెన్నుతో గీయి. ముఖ్యంగా మూడో పేరా: మెకానిక్‌ను షాపాయనే పంపాడా, నువ్వు పిలిపించుకున్నావా? నువ్వు పిలిచి ఉంటే ఆ వాక్యం మార్చాలి. ట్యాంకర్ చీటీలు పద్దెనిమిదీ ఉన్నాయా లెక్కపెట్టు. తక్కువైతే మొత్తం అంకె మారుతుంది.

మోటారు ధర ఐదు లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది గానీ ఆగకు. కాలిన మోటారును ఎవరితోనూ విప్పించకు, రాగి కోసం అడిగినా ఇవ్వకు. బిల్లు, వారంటీ కార్డు, నోటీసు రసీదు జిరాక్సులు తీసి, ఒరిజినళ్లు మీ అక్క దగ్గర పెట్టు. ఆదివారం వస్తే కూర్చుని అఫిడవిట్ రాద్దాం.

నీ బావ
నల్లగొండ, 05-06-2025