‘రెండో తాళంచెవి’ మొదటి నాలుగు పేజీల మీద

శ్రావణి గారికి,

మీ కథ మొదటి నాలుగు పేజీలు ఒకసారి పెన్ను పట్టుకోకుండా, ఒకసారి మార్జిన్‌లో గీతలు పెడుతూ, ఒకసారి పైకి చదివాను. కథకు కావలసిన వస్తువు మీ చేతిలో ఉంది. నాన్న పోయాక ఆయన అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి తమ్ముడు రవితో వచ్చిన వసుంధర హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలో దాచుకున్న ఆ రెండో తాళంచెవే అది. ఓనరమ్మ చెయ్యి చాపి అడుగుతుంది, తమ్ముడు అక్క వైపు చూస్తాడు, వసుంధర ఇవ్వదు. ఆ చోట నిజంగా ఊపిరి బిగబట్టాను. కానీ అక్కడికి చేరేసరికి మూడో పేజీ దాటిపోయింది.

లెక్కపెట్టి చూశాను. నాలుగు పేజీలూ కలిపి దాదాపు 1,100 మాటలు. ఓనరమ్మ తమిళంలో “ఇన్నొరు సావి ఎంగే?” అని రెండో తాళంచెవి అడిగేది 780వ మాట దగ్గర. కథ మొత్తం 3,000 మాటలన్నారు కాబట్టి, పావు వంతు అయిపోయినా ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ 780లో రైలు ప్రయాణానికి 210, నాన్న జీవిత చరిత్రకు 340, వరదలకు 120, గేటు దగ్గర పక్కింటివాళ్ల పలకరింపులకు మిగతా 110 పోయాయి.

రైలు సంగతి తేలిక. చెన్నై పార్క్ స్టేషన్లో ఎక్కించి ఎగ్మూర్, చేట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబళం అన్నీ చెప్పి సైదాపేటలో దించారు. వరస సరిగ్గానే ఉంది, కానీ మాంబళం తప్ప ఎక్కడా ఆమెకు ఏమీ జరగలేదు. మాంబళంలో బట్టల కొట్ల సంచులతో జనం తోసుకుంటూ ఎక్కితే, ఆమె బ్యాగును ఒళ్లోకి లాక్కుని లోపలి జిప్పు తడుముకుంటుంది. ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాది కొట్టేయండి. అందులో ఏముందో అప్పుడే చెప్పకండి.

నాన్న చరిత్ర విషయంలో కాస్త గట్టిగానే చెప్పాలి. మొదటి పేజీ చివర వసుంధర గడపలో కాలు పెడుతుంది. “ఆమె మనసు గతంలోకి వెళ్లింది” అని రాసి, నాన్న నెల్లూరు నుంచి రావడం, ప్రెస్సులో ఉద్యోగం, అమ్మ పోవడం అన్నీ వరసగా చెప్పారు. కాలు మాత్రం గడప మీదే ఉండిపోయింది. పాఠకుడికి ఆ మనిషి మీద ఆసక్తి పుట్టకముందే ఆయన వివరాలన్నీ అందాయి. ఆ 340 మాటల్లో ఈ నాలుగు పేజీలకు అవసరమైనవి రెండే: ఆయన ఈ ఇంట్లో ఎన్నేళ్లు ఉన్నాడు, తాళంచెవి ఆమె దగ్గరికి ఎలా వచ్చింది. మొదటిది అడ్వాన్సు లెక్క తేలేటప్పుడు ఓనరమ్మ నోట వస్తుంది. రెండోదాన్ని కథ సగం దాటేదాకా ఆపండి.

ఇక దృష్టికోణం. కథ ప్రథమ పురుషలో ఉన్నా చూసేది వసుంధరే. నాలుగు పేజీల్లో నాలుగు చోట్ల ఆ పట్టు జారింది.

రెండో పేజీలో “వెనక నిలబడ్డ రవి, అక్క ఎప్పటికి కదులుతుందా అని మనసులో విసుక్కున్నాడు” అన్నారు. ఆమె వీపు అతనివైపు ఉంది. అతని ముఖమే కనపడనప్పుడు మనసు ఎలా తెలిసింది? మన భాషలో దీనికి మంచి వెసులుబాటు ఉంది. “విసుగొచ్చింది కాబోలు, రవి తాళంచెవితో గ్రిల్లు మీద టకటకా కొట్టాడు” అంటే చూపు ఆమె దగ్గరే ఉంటుంది, విసుగూ వినపడుతుంది. ‘కాబోలు’ పేజీకి ఒకటి చాలు. పదేపదే వస్తే అదీ చప్పబడిపోతుంది. ఒక్కోసారి గ్రిల్లు చప్పుడొక్కటే సరిపోతుంది.

మూడో పేజీలో “ఆమె ముఖం ఎర్రబడింది”. అద్దం లేకుండా తన ముఖం రంగు తను చూసుకోలేదు. చెవులు వేడెక్కడం మాత్రం ఆమెకే తెలుస్తుంది. అదే పేజీలో “ఇంకో గంటలో ఈ తాళంచెవే తమ మధ్య గోడ కడుతుందని ఆమెకు తెలియదు” అన్నది రచయిత మాట. ఆమెకు తెలియనిది ఆమె చూపులోంచి ఎలా వస్తుంది? పైగా మీరు కష్టపడి దాచినదాన్ని మీరే ముందుగా చెప్పేసినట్టయింది. తీసేయండి.

నాలుగోది మిగతావాటికన్నా సూక్ష్మం, దాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. తెలుగులో ఎవరు చూస్తున్నారో చెప్పేది పిలుపు, దానికి తగిన క్రియ. మీ కథనంలో ఒకచోట “నాన్న రాసుకునేవాడు”, పది లైన్ల తర్వాత “వెంకట్రావుగారు అద్దె ఒకటో తారీఖునే ఇచ్చేవారు”, ఇంకోచోట “ఆ ముసలాయన” అని ఉంది. మూడూ మూడు జతల కళ్లు: కూతురు, ఇరుగుపొరుగు, బహుశా ఓనరమ్మ. కథనంలో ఆయన ఎప్పుడూ ‘నాన్న’, ‘-వాడు’. ‘వెంకట్రావుగారు’ సంభాషణలో రావచ్చు. ‘వెళ్లాడు, వచ్చాడు’ కూడా చూడండి. వసుంధర లోపలి గదిలో ఉండగా “రవి లోపలికి వెళ్లాడు” అన్నారు. ఆమె ఉన్నచోటికి అతను ‘వచ్చాడు’. ఈ ఒక్క క్రియతో పాఠకుడు గదిలోంచి వీధిలోకి వచ్చి పడతాడు.

చూపించాల్సినవి చెప్పేసిన చోట్లకు వస్తే, “నాన్న చాలా పొదుపరి, జాగ్రత్తపరుడు” అని రెండో పేజీలో ఉంది. నాలుగో పేజీలో మేకుకు గుచ్చిన పాత కరెంటు బిల్లులు, వాటి వెనక తెల్లభాగంలో పెన్సిలుతో పాల లెక్క ఉన్నాయి. బిల్లులు చూసినవాడికి మొదటి వాక్యంతో పని లేదు. ముందే చెప్పడంతో బిల్లులు నిదర్శనంలా మారిపోయాయి. మొదటిది కొట్టేస్తే రెండోదానికి బలం వస్తుంది.

గోడ మీది మరకదీ ఇదే కథ. మోకాళ్లకు పైన మట్టిగీత, దాని పక్కన పెన్సిలుతో ‘2-12-2015’. ఎంత బాగుందో! వెంటనే ఎనిమిది లైన్లు వరదల వివరణ. అందులో కూవం నది పొంగిందని రాశారు. సైదాపేటను ముంచింది అడయారు. దిద్దే అవసరం కూడా లేదు, ఆ లైన్లే వద్దు. తేదీ, గీత, సున్నం వేసినప్పుడల్లా నాన్న ఆ జానెడు మేర వదిలేయించాడన్న మాట ఉంటే చాలు.

అన్నీ చూపించాలని మాత్రం అనుకోకండి. “నెల మాసికం అయిన మర్నాడే ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చారు” అన్న మీ వాక్యం చెప్పడమే, అయినా అక్కడ అదే సరి. ఎనిమిది మాటల్లో చావు, గడువు, తొందర మూడూ వచ్చాయి. దాన్ని సన్నివేశంగా పెంచితే నడక మళ్లీ కుంటుపడుతుంది.

మొదలు ఇలా ఉండొచ్చని ఊరికే రాసి చూశాను:

“ఓనరమ్మ చెయ్యి ఇంకా చాపే ఉంది. అరచేతిలో రవి పెట్టిన తాళంచెవి ఒక్కటే. ‘ఇన్నొరు సావి?’ అంది. రవి అక్క వైపు తిరిగాడు. వసుంధర బ్యాగును చంకలోకి లాక్కుని, గోడ మీది మట్టిగీతను చూస్తూ నిలబడింది.”

ఇది నా ధోరణి, అలాగే వాడకండి. మీ వాక్యాలు నావాటికన్నా పొడవు, ఈ కథకు ఆ పొడవు నప్పుతుంది. ఇలా మొదలుపెడితే రైలు వాక్యం తర్వాత గుర్తుకు రావాలి, అదీ రెండు లైన్లు దాటకుండా. మీకు వరస మార్చడం ఇష్టం లేకపోతే రైలుతోనే మొదలుపెట్టి, ఓనరమ్మ ప్రశ్న 250 మాటల లోపు వచ్చేలా చూడండి.

దిద్దేటప్పుడు ముందు కోతలు పూర్తి చేసి, ఆ తర్వాతే పిలుపులు, క్రియలు సరిచేయండి. ముందే సరిచేస్తే వాటిలో సగం కోతల్లో పోతాయి. ఓనరమ్మ తమిళ మాటల పక్కన తెలుగు అర్థం ఇవ్వక్కర్లేదు, చాపిన చెయ్యే చెబుతోంది.

ఒక సందేహం మిగిలింది. మొదటి పేజీలో తాళంచెవికి ఎర్ర దారం కట్టి ఉంది, నాలుగో పేజీలో రబ్బరు బ్యాండు. నాన్న బిల్లులు దాచే మనిషి కనుక నాకు రబ్బరు బ్యాండే నప్పుతుందనిపించింది. మీరు ఏదో ఒకటి ఖాయం చేసి, రెండు చోట్లా అదే ఉంచండి.