సబ్జెక్ట్: కడప నల్లబండలు 600 × 600 × 20 మి.మీ., షార్జాకు – మీ ఎంక్వయిరీకి జవాబు, కొటేషన్‌కు ముందు కావలసిన వివరాలు

భాస్కర్ గారికి,

నమస్కారం. సోమవారం మీరు పంపిన మెయిల్ అందింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి చివర్లో "మాదీ ప్రొద్దుటూరే" అని తెలుగులో రాశారు కాబట్టి నేనూ తెలుగులోనే రాస్తున్నాను. మీ ఆఫీసులో ఇంకెవరికైనా చూపించాలంటే చెప్పండి, ఇదే ఇంగ్లీషులో పంపిస్తాను.

ఈ మెయిల్‌లో ధర లేదని ముందే చెబుతున్నాను. మీరు అడిగింది జెబెల్ అలీ వరకు సీఐఎఫ్ ధర, నెలకు నాలుగు కంటైనర్లు, 90 రోజుల అప్పు. ఈ మూడింటికీ కలిపి ఒక అంకె రాసి పంపడం మాకు కుదరదు. డబ్బు ముందు వచ్చే సరుకుకు ఒక ధర, బ్యాంకు ద్వారా కాగితాల మీద వచ్చే దానికి ఒక ధర, మూడు నెలలు ఆగాల్సిన దానికి వేరే ధర. ఎవరికి ఇస్తున్నామో తెలియకుండా అంకె చెబితే అది మీకూ పనికిరాదు, మాకూ పనికిరాదు. మీ మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. కొత్తగా వచ్చే ప్రతి పార్టీకీ ఇదే రాస్తాం, ప్రొద్దుటూరు వాళ్లకైనా పోర్చుగల్ వాళ్లకైనా.

ముందు సరుకు సంగతి. మీ మెయిల్‌లో "కడప బ్లాక్ గ్రానైట్" అని ఉంది. మా దగ్గర దొరికేది గ్రానైట్ కాదు, సున్నపురాయి. నాపరాయి అని మీరు చిన్నప్పటి నుంచి వింటున్నదే. పాలిష్ పడితే నల్లగా నిగనిగలాడుతుంది గానీ నిమ్మరసం, బాత్రూమ్ యాసిడ్ పడితే మచ్చ పడుతుంది. ఎండ నేరుగా తగిలేచోట పరిస్తే నలుపు తగ్గి బూడిద రంగులోకి తిరుగుతుంది. షార్జా ఎండ గురించి మీకు నేను చెప్పాలా! కాబట్టి మీ కస్టమర్ దీన్ని ఇంటి లోపల వేస్తున్నాడా, వాకిట్లోనా, స్విమ్మింగ్ పూల్ చుట్టూనా అన్నది తెలియాలి. బయట పరిచేటట్లయితే పాలిష్ వద్దని, లెదర్ ఫినిష్ గానీ సహజంగా చీలిన పైముఖం గానీ తీసుకోమని మేమే చెబుతాం. గ్రానైట్ అని చెప్పి మీరు అమ్మితే రేపు గొడవ వచ్చేది మీకు, ఆ తర్వాత మాకు.

ఇంకొకటి. ఒక్కో 20 అడుగుల కంటైనర్‌లో 1,500 చదరపు మీటర్లు కావాలని రాశారు. అది కుదరదు. 20 మి.మీ. మందం బండ చదరపు మీటరుకు 54 కిలోల దాకా తూగుతుంది. 1,500 మీటర్లంటే 81 టన్నులు. కంటైనర్‌కు మేము చెక్క పెట్టెల బరువుతో కలిపి 26 టన్నులకు మించి ఎక్కించం, అంటే దాదాపు 450 చదరపు మీటర్లు. కంటైనర్‌లో సగానికి పైగా జాగా ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది, బరువు మాత్రం నిండిపోతుంది. రాయి కొనే అలవాటున్న వాళ్లు ఈ లెక్క పొరపాటున కూడా తప్పరు. మీరు కొత్తగా ఈ వ్యాపారంలోకి వస్తున్నారా, లేక టైల్స్ లెక్క దీనికి వేశారా? కొత్తవారైతే అందులో తప్పేమీ లేదు, దగ్గరుండి అన్నీ చెబుతాం. కానీ అది ముందే తెలియాలి. నెలకు నాలుగు కంటైనర్ల మాట పక్కనపెట్టి ఒక్క కంటైనర్‌తో మొదలుపెట్టడం అప్పుడు ఇద్దరికీ మంచిది.

మమ్మల్ని మీరెలా నమ్మాలన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. అందుకే మా కాగితాలు ముందు పంపుతున్నాను. మా ఐఈసీ కాపీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్, కాపెక్సిల్ సభ్యత్వ పత్రం ఈ మెయిల్‌కు జతచేశాను. ఐఈసీని డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లోనూ, జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లోనూ మీరే కొట్టి చూసుకోవచ్చు. ఎర్రగుంట్లలో మా పాలిష్ ఫ్యాక్టరీ, యార్డు ఫోటోలు కూడా పెట్టాను. ప్రొద్దుటూరులో మీవాళ్లెవరైనా ఉంటే ఒక పూట వచ్చి చూసి వెళ్లమనండి. టీ తాగించి, కోత మిషన్ దగ్గర నిలబెట్టి మరీ చూపిస్తాం.

ఇక మీ వైపు నుంచి కావలసినవి.

షార్జా ఆర్థికాభివృద్ధి శాఖ ఇచ్చిన మీ ట్రేడ్ లైసెన్స్ కాపీ పంపండి. ఫ్రీజోన్ కంపెనీ అయితే ఆ జోన్ లైసెన్స్ పంపండి. లైసెన్స్‌లో రాసిన వ్యాపారాల్లో రాళ్లు, భవన నిర్మాణ సామగ్రి ఉందా లేదా చూస్తాం. ఆహార పదార్థాల లైసెన్స్ మీద రాళ్లు దిగుమతి చేసుకుంటామన్న వాళ్లు ఇదివరకు తగిలారు. వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉంటే 15 అంకెల టీఆర్ఎన్ ఇవ్వండి, అక్కడి ఫెడరల్ టాక్స్ అథారిటీ సైట్‌లో సరిచూసుకుంటాం. కస్టమ్స్‌లో మీ దిగుమతిదారు కోడ్ కూడా కావాలి. సరుకు మీ కంపెనీ పేరు మీదే దిగుతుందా, వేరే వాళ్ల పేరు మీదా అన్నది దాంతో తేలిపోతుంది.

మీ మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చింది, సంతకం కింద మాత్రం కంపెనీ వెబ్‌సైట్ ఉంది. ఆ వెబ్‌సైట్ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ నుంచి ఈ మెయిల్‌కు ఒక్క లైను జవాబు ఇవ్వండి, చాలు. చిన్న కంపెనీల్లో అందరూ జీమెయిలే వాడతారని నాకూ తెలుసు. కానీ ఎవరో ఒకరి కంపెనీ పేరు పెట్టుకుని రాసేవాళ్లు కూడా జీమెయిలే వాడతారు. అలాగే ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు రాయండి. మీరిచ్చిన మొబైల్‌కు కాకుండా దానికే చేస్తాం.

మీ బ్యాంకు పేరు, బ్రాంచి, అకౌంటు ఎవరి పేరు మీద ఉందో రాయండి. మా బ్యాంకు వాళ్లు మీ బ్యాంకును నేరుగా అడిగి మీ గురించి అభిప్రాయం తెప్పించుకుంటారు. ఇది బ్యాంకుల మధ్య మామూలుగా జరిగేదే. ఇండియా నుంచి మీరు ఇంతకు ముందు ఏ సరుకైనా తెప్పించుకుని ఉంటే, అలాంటి ఇద్దరు సప్లయర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వండి. ధరల గురించి వాళ్లను ఒక్క మాట కూడా అడగం. డబ్బు చెప్పిన టైముకు ఇచ్చారా, లేదా అన్నదొక్కటే అడుగుతాం.

సరుకు చివరికి ఎక్కడికి పోతుందన్నది కూడా రాయండి. ఫలానా విల్లా, ఫలానా కాంట్రాక్టర్ అని పేరు చెప్పనక్కర్లేదు, మీ వ్యాపారం మీది. స్టాకు పెట్టి అమ్ముతారా, లేక ఒక ప్రాజెక్టుకు పోతుందా అన్నది తెలిస్తే అంచులు ఎలా కోయాలి, మందంలో ఎంత తేడా ఒప్పుకోవచ్చు అన్నవి తేల్చవచ్చు. ఆ రెండూ తేలకుండా ధర తేలదు.

డబ్బు విషయం. 90 రోజుల అప్పు మొదటి ఆర్డరుకు ఇవ్వలేం. పోస్ట్‌డేటెడ్ చెక్కులు ఇస్తామని రాశారు. గల్ఫ్‌లో అది మామూలేనని తెలుసు. అయితే అక్కడి చెక్కు బౌన్స్ అయితే ఎర్రగుంట్లలో కూర్చుని మేము చేయగలిగింది ఏమీ లేదు. ఆఫీసు అద్దెకు తీసుకుని, నలుగురి దగ్గర చెక్కుల మీద సరుకు దింపుకుని, చెక్కుల తేదీ వచ్చేలోపు షట్టర్ వేసి పోయిన కంపెనీల కథలు మీరు అక్కడే ఉండి మాకంటే ఎక్కువే విని ఉంటారు.

మేము ఒప్పుకునేవి రెండు దారులు. ఆర్డరుతో పాటు 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం సరుకు ఓడ ఎక్కి బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ మీకు మెయిల్‌లో చూపించాక, అసలు కాగితాలు కొరియర్ చేసేలోపు. లేదంటే పేరున్న బ్యాంకు నుంచి, రద్దు చేయడానికి గానీ మార్చడానికి గానీ వీల్లేని, కాగితాలు చూపగానే డబ్బు చెల్లించే ఎల్‌సీ. ఎల్‌సీ అయితే ముందు డ్రాఫ్ట్ పంపండి, మా బ్యాంకు చూసి సరేనన్నాకే తెరవండి. ఒక్క కంటైనర్‌కు ఎల్‌సీ ఖర్చు గిట్టుబాటు కాదనుకుంటే మొదటి దారే మీకు చౌక.

అడ్వాన్సు లేకుండా కాగితాలు బ్యాంకుకు పంపితే చాలదా అని అడుగుతారేమో. మామూలు సరుకైతే ఆలోచించవచ్చు. ఇది రాయి, ధర తక్కువ, బరువు ఎక్కువ. మీరు డబ్బు కట్టి కాగితాలు విడిపించుకోకపోతే కంటైనర్ జెబెల్ అలీలో పడి ఉంటుంది, డెమరేజ్ రోజురోజుకూ పెరుగుతుంది. వెనక్కి తెచ్చుకుంటే రాయి ధరను కిరాయే మింగేస్తుంది. అక్కడే ఎవరికో సగం ధరకు అమ్ముకోవాలి. ఆ "ఎవరో" ఒక్కోసారి మొదట ఆర్డరు ఇచ్చిన వాళ్ల మనుషులే అవుతారు. అందుకే అడ్వాన్సు మీద పట్టుబడతాం.

రెండు మూడు ఆర్డర్లు సాఫీగా నడిచాక అప్పు గురించి మాట్లాడుకుందాం. అప్పుడు ఎగుమతి అప్పులకు బీమా ఇచ్చే ఈసీజీసీలో మీ పేరు మీద లిమిట్‌కు అప్లై చేస్తాం. వాళ్లు ఎంత ఒప్పుకుంటే అంతవరకే అప్పు. ఆ ప్రీమియం ధరలో కలుస్తుంది.

డబ్బు ఏదైనా మీ కంపెనీ అకౌంటు నుంచి మా కంపెనీ అకౌంటుకే రావాలి. మూడో వ్యక్తి పంపే డబ్బు, ఇక్కడ మీ బంధువులు ఇచ్చే నగదు తీసుకోం. మా బ్యాంకు వివరాలు ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో ఉంటాయి. ఆ తర్వాత "అకౌంటు మారింది, ఈ కొత్త నంబరుకు వేయండి" అని మా పేరుతో మెయిల్ వస్తే నమ్మకండి. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి అడగండి.

శాంపిల్ ముక్కలు ఉచితం, కొరియర్ ఖర్చు మీది. 15 సెం.మీ. చదరం ముక్క ఒక్కోటి కిలో పైనే ఉంటుంది. పాలిష్, హోన్డ్, లెదర్ మూడూ కలిపి మూడున్నర కిలోలు దాటుతుంది. మీ కొరియర్ అకౌంటు నంబరు ఇస్తే దాని మీదే పంపుతాం. ఆర్డరు ఖరారైతే ఆ ఖర్చు మొదటి ఇన్వాయిస్‌లో తగ్గిస్తాం.

పైన అడిగినవి అందిన రోజు నుంచి రెండు పనిదినాల్లో మీకు రెండు ధరలు పంపుతాను, చెన్నై ఎఫ్ఓబీ ఒకటి, జెబెల్ అలీ సీఐఎఫ్ ఒకటి. ఓడ కిరాయి మారుతూ ఉంటుంది కాబట్టి సీఐఎఫ్ ధర వారం రోజులే చెల్లుతుంది. చెక్క పెట్టెలు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉన్నవే వాడతాం, ఆ ఖర్చు రెండు ధరల్లోనూ కలిసే ఉంటుంది. బ్యాంకు నుంచి మీ గురించి అభిప్రాయం రావడానికి కొంత టైము పడుతుంది. దానికోసం కొటేషన్ ఆపను గానీ, అది రాకుండా ప్రొఫార్మా ఇన్వాయిస్ ఇవ్వను.

ఈలోగా ఒక వీడియో కాల్ పెట్టుకుందాం. గురువారం మీ టైము ప్రకారం ఉదయం పదిన్నరకు, అంటే ఇక్కడ పన్నెండింటికి వీలవుతుందా? మీరు ఆఫీసులోనో గోడౌన్‌లోనో ఉండి చేయండి, నేను యార్డులో ఉంటాను. ఏ రంగు బండ ఎలా ఉందో మీరు చూస్తారు, మీ గోడౌన్‌లో క్రేన్ ఉందో లేదో నేను చూస్తాను. ఒక్కో పెట్టె టన్ను పైనే ఉంటుంది, క్రేన్ గానీ ఫోర్క్‌లిఫ్ట్ గానీ లేకపోతే దింపుకోవడం కష్టం.

ఉంటాను,
సుజాత
ఎగుమతుల వ్యవహారాలు, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జతచేసినవి: ఐఈసీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్, కాపెక్సిల్ సభ్యత్వ పత్రం, ఫ్యాక్టరీ, యార్డు ఫోటోలు