రోజూ ఉదయం వాతావరణం చార్టు – ఒకటి, రెండు తరగతులకి

టీచర్ గారూ, సోమవారం నుంచి ఒకటి, రెండు తరగతులు మీవే కదా, నేను మళ్ళీ వచ్చేసరికి ఆరు నెలలు పడుతుంది. మిగతావన్నీ మీకు తెలిసినవే. ఈ చార్టు పని మాత్రం ఎలా నడుస్తోందో రాసి పెడుతున్నాను, ఎందుకంటే చూడ్డానికి గోడ మీద బొమ్మల్లాగే ఉంటుంది కానీ పిల్లలు దాని విషయంలో చాలా పట్టుదలగా ఉంటారు, ఒక్క మెట్టు తప్పినా "మన టీచర్ అలా చెయ్యరు" అని మీ మొహం మీదే అనేస్తారు.

ప్రార్థన అయ్యాక, హాజరు తియ్యకముందు, 9:15కి. రోజూ అదే టైము. వాతావరణ శాఖ వాళ్ళు కూడా ఉదయం 8:30కే వాన లెక్క చూస్తారని, రోజుకో టైములో చూస్తే ఈ రోజుని నిన్నటితో పోల్చలేమని పిల్లలకి చెప్పాను. అందుకని ఆలస్యమైతే వాళ్ళే గోల పెడతారు.

ఆ రోజు "వాతావరణం లీడర్లు" ఇద్దరు, ఒకటో తరగతి నుంచి ఒకరు, రెండో తరగతి నుంచి ఒకరు. పేర్లు హాజరుపట్టీ వరసలోనే వస్తాయి, రాని పిల్లల వంతు తర్వాతి రోజుకి. అందరూ బయటికి వచ్చి వేపచెట్టు ఇవతల నిలబడాలి, నీడలోకి వెళ్తే లెక్క తప్పుతుంది. కిటికీలోంచి చూసి చెప్పడం మన క్లాసులో ఒప్పుకోం.

మొదట మీరు అడగాల్సింది "ఈ రోజు ఎలా ఉంది?" అని కాదు. అలా అడిగితే "బాగుంది టీచర్" అని కోరస్ వస్తుంది, అంతే. నేను ఇలా అడుగుతాను:

"నీ నీడ ఏదిరా?"
"ఇదిగో టీచర్."
"అంచు కనిపిస్తోందా? వేళ్ళు లెక్కపెట్టగలవా?"

చెయ్యి చాపినప్పుడు నీడలో అయిదు వేళ్ళూ విడివిడిగా కనిపిస్తే ఎండ. నీడ ఉంది కానీ పలచగా, అంచు చెదిరినట్టు ఉంటే సగం మబ్బు. నీడే లేకపోతే మబ్బు. సూర్యుడి వైపు తిన్నగా చూడొద్దని మొదటి రోజు నుంచీ చెప్తున్నాను, మీరూ చెప్తూ ఉండండి, ఒకరిద్దరు పందెం కాసి మరీ చూస్తారు. వాతావరణ శాఖ వాళ్ళు ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి ఎన్ని భాగాలు మబ్బు పట్టిందో లెక్క వేస్తారు, మనకి మూడు చాలు.

తర్వాత గాలి. ప్రహరీ బయట కొబ్బరిచెట్టు వైపు చూపించండి. ఆకులు కదలకపోతే గాలి లేదు, చివర్లు మాత్రం ఊగితే చిరుగాలి, మట్టలన్నీ ఒకే వైపుకి వంగిపోతే పెద్దగాలి. పుస్తకాల్లో గాలికి మూడు వంకర గీతలు వేస్తారు, మొదట నేనూ అవే వేశాను, రెండో రోజు ఒకడు "అది కాలవలా ఉంది టీచర్" అన్నాడు. నిజమే, కాలవలాగే ఉంది. అప్పుడు పిల్లలే వంగిన కొబ్బరిచెట్టు గీశారు, ఇప్పుడు మన గుర్తు అదే.

మిగతా గుర్తులు ఇవి. ఎండకి గుండ్రం చుట్టూ ఎనిమిది గీతలు. సగం మబ్బుకి సూర్యుడి ముందు మబ్బు అడ్డం. మబ్బుకి ఒట్టి మబ్బు, పెన్సిల్‌తో నింపాలి. చినుకులకి మబ్బు కింద మూడు కామాలు, వానకి మబ్బు కింద మూడు లావు చుక్కలు, జోరు వానకి కింది గీత దాకా నిలువు గీతలు. పొగమంచుకి మూడు అడ్డగీతలు, వాతావరణ శాఖ మ్యాపుల్లో కూడా పొగమంచుకి మూడు అడ్డగీతలే, చినుకులకి కామా గుర్తే, ఆ మాట చెప్పిన రోజు మన పిల్లల ఫోజు చూడాలి. పొగమంచు గుర్తు ఇంతవరకూ వాడలేదు, మీకు ధనుర్మాసంలో పనికొస్తుంది.

గుర్తు లీడరే గియ్యాలి. మీరు గియ్యకండి, ఎంత వంకరగా వచ్చినా సరే. చార్టు అంటే కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన పాత పెద్ద క్యాలెండర్ వెనక వైపే, నెలకో కాయితం. గడికి మూలగా ఒక గీత ఉంటుంది, పై సగం ఉదయానికి, కింది సగం మధ్యాహ్నం 3 గంటలకి. పొద్దున ఎండ, సాయంత్రం వాన అనేది మన వైపు రోజూ జరిగేదే కదా, ఒకే గుర్తు పెట్టమంటే పిల్లలు ఏది పెట్టాలో తేల్చుకోలేక కొట్టుకున్నారు, అందుకే సగం చేశాను.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఆదివారం, సెలవు రోజు గడులు ఖాళీగానే ఉండాలి, అడ్డంగా ఒక గీత కొట్టి వదిలెయ్యాలి. "ఆదివారం మా ఇంటి దగ్గర వాన పడింది టీచర్, పెడదాం" అంటారు. పెట్టొద్దు. ఒకరి ఇంటి దగ్గర పడుతుంది, చెరువు అవతల పడదు, బడి దగ్గర అందరం కలిసి చూసిందే రాస్తాం. నవంబరులో తుఫాను సెలవులు వస్తే నాలుగైదు గడులు వరసగా ఖాళీ అవుతాయి, పిల్లలకి చాలా బాధగా ఉంటుంది, అసలు వాన అప్పుడే కదా పడేది! అయినా వద్దు. ఆ గీతల పక్కన "తుఫాను, బడి లేదు" అని రెండో తరగతి వాళ్ళ చేత రాయించండి, చాలు. తప్పు గుర్తు పెడితే కూడా చెరపనివ్వను, దాని మీద ఒక్క గీత కొట్టి పక్కన సరైనది గీస్తారు.

తర్వాత మాటలు. గుర్తు పెట్టాక లీడరు ఒక వాక్యం చెప్పాలి. ఒకటో తరగతి వాళ్ళు "ఈ రోజు బుధవారం. ఈ రోజు మబ్బుగా ఉంది" అంటే చాలు, "మబ్బు" అట్ట ఏరి గడి కింద పెడతారు. రెండో తరగతి వాళ్ళు నిన్నటి మాట కలపాలి: "నిన్న ఎండ కాసింది, ఈ రోజు మబ్బు పట్టింది." ఇక్కడే అసలు పని ఉంది. ఎండ కాస్తుంది, వాన పడుతుంది లేదా కురుస్తుంది, మబ్బు పడుతుంది, గాలి వీస్తుంది, ఉరుము ఉరుముతుంది, మెరుపు మెరుస్తుంది. పిల్లలు అన్నిటికీ "వచ్చింది" వాడేస్తారు, ఎండ వచ్చింది, గాలి వచ్చింది, మబ్బు వచ్చింది. తప్పని చెప్పకండి, తప్పు కాదు కూడా, మీరు వెంటనే "అవును, గాలి వీస్తోంది" అని తిరిగి అనండి, వారం తిరిగేసరికి వాళ్ళ నోట్లోకి వచ్చేస్తుంది.

వారానికి రెండు కొత్త మాటలే, అదీ ఆకాశం చూపించినప్పుడే. ముసురు అనే మాట ముసురు పట్టిన రోజునే చెప్పాలి, అంతకుముందు చెప్తే ఎవరికీ పట్టదు. ఇప్పటికి ఎండ, నీరెండ, ఉక్క, చినుకు, జల్లు, తెరిపి అయ్యాయి. తెరిపి మాట ఇంటర్వెల్లో నేర్చుకున్నారు, వాన కాస్త ఆగగానే ఒకమ్మాయి "మా నానమ్మ తెరిపిచ్చింది అంటాది టీచర్" అంది, వెంటనే అట్ట మీద రాసి అతికించేశాం. ఇళ్ళలో పెద్దవాళ్ళ మాటలు అడిగి తెమ్మనండి. ముసురు, ఈదురుగాలి, వడగళ్ళు, చిత్తడి, మంచు మీ వంతు. ఎండా వానా కలిసొచ్చిన రోజు కుక్కకీ నక్కకీ పెళ్ళి అని మొదలుపెడతారు, ఆ రోజు పాఠం అయిదు నిమిషాలు ఆలస్యం అవుతుంది, అవనివ్వండి. పుస్తకంలో ఎదురు పేజీ ఇంగ్లీషే కాబట్టి సన్నీ, క్లౌడీ, రైనీ, విండీ అట్టల వెనక వైపు ఉన్నాయి, తెలుగు మాట వచ్చాకే తిప్పండి.

శనివారం లెక్క. దీనికే అగ్గిపెట్టెలు. బీరువా కింద అరలో ఖాళీవి నలభై దాకా ఉన్నాయి. ఈ లెక్కకి ఉదయం గుర్తులే తీసుకుంటాం. లీడరు సోమవారం నుంచి ఒక్కో గడి చదువుతుంటే ఒక్కో పెట్టె ఆ గుర్తు పైన పేర్చాలి. పోయిన వారం ఎండ 2, మబ్బు 1, వాన 3 వచ్చాయి. మూడు దొంతులు నిలబెట్టగానే "వాన గెలిచింది!" అని అరుస్తారు, అరవనివ్వండి, అరిచాక అడగండి: ఏది ఎక్కువ? ఎండ కన్నా వాన ఎన్ని రోజులు ఎక్కువ? మొత్తం ఎన్ని పెట్టెలు, ఎన్ని రోజులు బడికి వచ్చాం? ఈ రెండూ సమానం కాకపోతే ఎవరో ఒక గడి రెండుసార్లు చదివినట్టో, ఒకటి వదిలేసినట్టో. తేడా ఎక్కడుందో వాళ్ళనే వెతకమనండి, మీరు కనిపెట్టినా చెప్పకండి.

రెండు వారాల కిందట అగ్గిపెట్టెలు చాలక ఒకడు ఎండ దొంతిలో సబ్బుపెట్టె పెట్టేశాడు. ఎండ 2, వాన 3 అయినా ఎండ దొంతే ఎత్తుగా నిలబడింది. క్లాసంతా రెండు ముక్కలైంది, కొందరు "ఎండే ఎక్కువ, చూడండి కళ్ళ ముందు ఉంది" అని, కొందరు "లెక్కపెట్టరా" అని. నేను ఏమీ అనలేదు. పావుగంట తర్వాత ఒకటో తరగతి పిల్లే లేచి సబ్బుపెట్టె తీసి అగ్గిపెట్టె పెట్టి "అన్నీ ఒకేలాంటివి ఉండాలి" అంది. ఇది బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా వచ్చేది కాదు. అందుకని పెట్టెలు అన్నీ ఒకే బ్రాండువి చూసుకోండి, వేరే సైజు కలిస్తే మళ్ళీ అదే గొడవ.

పెట్టెలు దించాక రెండో తరగతి వాళ్ళు గళ్ళ పుస్తకంలో పెట్టెకో గడి చొప్పున రంగు వేస్తారు, ఒకటో తరగతి వాళ్ళు గుర్తు పక్కన అంకె రాస్తారు. నెలాఖరున నాలుగు వారాలదీ కలిపి చార్టు కింద రాసి, పాత నెల కాయితం పక్కనే వేలాడదియ్యండి, తియ్యకండి. జూన్, జూలై పక్కపక్కన ఉంటేనే "వానలు పెరిగాయి" అని వాళ్ళంతట వాళ్ళు అంటారు.

వాన సీసా రెండో తరగతికి మాత్రమే. గోడలు నిటారుగా ఉన్న నీళ్ళసీసా పైభాగం కోసి తలకిందులుగా దానిలోనే గరాటులా దింపాలి, పక్కన స్కేలు అతికించాలి, అడుగు గుంటలుగా ఉంటే సున్నా గీత దాకా ముందే నీళ్ళు పొయ్యాలి. 9:15కే చూసి, మిల్లీమీటర్లు రాసి, మళ్ళీ సున్నా గీత దాకా పారబొయ్యాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన రోజు, అంతకన్నా తక్కువైతే కాదు. మన చార్టులో మాత్రం చినుకు పడినా కామాలు పడతాయి. ఈ తేడా మీద ఒక రోజు వాదన పెట్టండి, బాగా మాట్లాడతారు.

ఉరుము వినపడితే బయటికి తీసుకెళ్ళొద్దు, ఆ రోజు తలుపు దగ్గర నుంచే చూసి గుర్తు పెట్టించండి, పక్కన మెరుపు వంకర గీత వెయ్యమనండి. సీసా ఇంటర్వెల్లో బంతి తగిలి పగిలింది, సోమవారానికి కొత్తది కొయ్యాలి. కత్తెర నా టేబుల్ సొరుగులో ఉంది, ఖాళీ సీసా తెస్తానని సోమవారం లీడరు ఒప్పుకున్నాడు, మర్చిపోయినా పాపం తిట్టకండి, వాడికి వాళ్ళ అక్క గుర్తుచేస్తుంది.