నాన్న ఆస్తి పంపకం గురించి అన్నయ్యకు ఉత్తరం

హైదరాబాదు,
12 జులై 2025

అన్నయ్యకు,

చెల్లెలు విజయ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పికి మార్చిన మందులు పనిచేస్తున్నాయని వదిన చెప్పింది, సంతోషం.

ఆస్తి సంగతి ఫోన్లో మాట్లాడితే మాట మీద మాట పెరుగుతోంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువు, నీకు నమ్మకమున్న ప్లీడరుకు చూపించు. ఆయన తప్పని చెప్పినచోట గీత గీసి పంపు.

ముందు లెక్క. నాన్న వీలునామా రాయలేదు. పొలం నాలుగెకరాల యాభై సెంట్లూ 1971 పంపకాల దస్తావేజులో తాత ఉండగానే నాన్న వాటాకి వచ్చింది. కాబట్టి అది పిత్రార్జితం. మన రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం 5 సెప్టెంబరు 1985 నాటికి పెళ్లికాని కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. అప్పటికి నేను బళ్లో చదువుతున్నాను. పొలంలో నాన్నకి, నీకు, నాకు మూడు సమాన వాటాలు. నాన్న వాటా మళ్లీ అమ్మకీ మనిద్దరికీ మూడు భాగాలు. అంటే తొమ్మిది భాగాల్లో నీకు నాలుగు, నాకు నాలుగు, అమ్మకి ఒకటి. ఇంటి స్థలం 300 గజాలు నాన్న స్వార్జితం, దాంట్లో ముగ్గురికీ సమానం.

ఇప్పుడు నేను అడిగేది. ఇల్లు నువ్వు ఉంచుకో. ఇంట్లో నా మూడో వంతు నీకు వదిలేస్తాను. అమ్మ మూడో వంతు అమ్మ పేరే ఉండాలి. ఆమె బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా దస్తావేజులో స్పష్టంగా రాయాలి. అమ్మ తన వాటా తర్వాత ఎవరికి రాసినా నేను అడగను. ఇప్పుడు మాత్రం ఆమె చేత ఎవరి పేరా వదులుబాటు రాయించవద్దు.

పొలంలో రోడ్డు పక్క చెక్క, ఎకరం డెబ్బై సెంట్లు, పూర్తిగా నీది. కాలువ అవతలి రెండెకరాల ఎనభై సెంట్లలో అమ్మకి 55 సెంట్లు, నాకు 225.

ధరలు ఊళ్లో ఇద్దర్ని అడిగి వేశాను. రోడ్డు పక్క సెంటు యాభై వేలు, కాలువ అవతల నలభై వేలు, ఇల్లు మొత్తం ముప్ఫయ్యారు లక్షలు. పొలం కోటీ తొంభై ఏడు లక్షలు, నా నాలుగు భాగాలు సుమారు ఎనభై ఏడున్నర లక్షలు. ఇంటి వాటా పన్నెండు లక్షలు కలిపితే తొంభై తొమ్మిదిన్నర. నేను తీసుకునేది తొంభై లక్షల పొలం. తక్కువైన తొమ్మిదిన్నర లక్షలు అడగను. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద నాన్న నా పేర రాసిన 40 సెంట్లను నువ్వు ప్రతిసారీ గుర్తుచేస్తున్నావు. చట్టం ప్రకారం అది నా వాటాకి అడ్డురాదు, నేను హక్కు వదులుకున్నట్టూ కాదు. అయినా నీ మనసులో ముల్లు మిగలకూడదని ఈ తేడాని దానికింద జమ కట్టుకుంటున్నాను. నా ధరలు తప్పనిపిస్తే నీ ధరలు వెయ్యి. లేదా కాలువ అవతల హద్దు నువ్వే పెట్టు, ఏ ముక్క కావాలో నన్ను ఎంచుకోనివ్వు.

బాట విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కాలువ చెక్కకి వెళ్లాలంటే నీ చెక్క తూర్పు గట్టు మీదుగానే వెళ్లాలి. కోత మిషను, ట్రాక్టరు పట్టాలంటే 12 అడుగుల వెడల్పు కావాలి. పొడవు 300 అడుగులు, మొత్తం ఎనిమిది సెంట్ల పైచిలుకు. నేల నీ పేరే ఉంటుంది, నాకూ అమ్మకీ దారి హక్కు చాలు. "వాడుకలో ఉన్న బాట" అని ఊరికే రాస్తే రేపు ఎవరికైనా అమ్మాక కొత్తవాడు కంచె వేస్తాడు, మన పిల్లలు తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. కొలతలతో సహా రాసి, ప్లానులో రంగు వేసి చూపించాలి. బోరు నీ చెక్కలో ఉంది. సార్వాకి కాలువ నీరు సరిపోతుంది, దాళ్వాకే ఇబ్బంది. రెండేళ్లు బోరు నీళ్లు వంతులవారీగా ఇవ్వు, మోటారు రిపేరు సగం నాది. ఆలోగా నేను వేరే బోరు వేయించుకుంటాను.

బ్యాంకు డిపాజిట్ తొమ్మిది లక్షలకి నామినీవి నువ్వే. నామినీ అంటే సొమ్ము తీసుకుని వారసులకి ఇచ్చే మనిషే గాని, సొమ్ముకి యజమాని కాదు. అందులోంచి ముందు సొసైటీ పంట రుణం 1,80,000 కట్టి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకో, లేకపోతే తాకట్టు పొలం మీదే ఉండిపోతుంది. నువ్వు ఆసుపత్రికి పెట్టిన 2,40,000 నువ్వు తీసుకో, బిల్లులు అడగను. మిగిలిన 4,80,000 తలా 1,60,000. అమ్మ నగలు అమ్మవి, అవి ఈ లెక్కలోకి రావు.

ఈ ఏటి పంట కౌలుదారు వేశాడు. కోతలయ్యేదాకా సర్వేయరు గొలుసు పట్టలేడు. అందుకని ఇప్పుడు మన మాట వరకు కాగితం రాసుకుందాం, కోతలయ్యాక కొలిపించి సంక్రాంతికి రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. ఆ కాగితంలో "ఫలానా విధంగా పంచుకోదలచాము" అనే రాయాలి. "నేటితో పంచుకున్నాము" అని రాస్తే అదే పంపకాల దస్తావేజు అవుతుంది. స్టాంపు, రిజిస్ట్రేషన్ లేకుండా కోర్టులో పనికిరాదు, స్టాంపు తగ్గినందుకు పదింతల దాకా జరిమానా కూడా పడొచ్చు. ఈ ఏటి కౌలు అమ్మ ఖర్చులకే వదిలేద్దాం.

కావలసినవి ఇవి: నాన్న డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 1971 దస్తావేజు, ఇంటి స్థలం కొనుగోలు దస్తావేజు, ఈసీ, 1-బి, అడంగల్. 1971 కాగితం ఇనప్పెట్టెలో ఉండాలి. చెదలు తినేసి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీయించు, ఆ ఖర్చు నాది. కాలువ చెక్క ఒకే సర్వే నంబరు కాబట్టి సబ్ డివిజన్ చేయించాకే దస్తావేజు రాయిద్దాం. పంపకంలో పెద్ద వాటా మినహాయించి మిగతా వాటాల విలువ మీదే స్టాంపు సుంకం, ఆ ఖర్చు ముగ్గురం వాటాల ప్రకారం పెట్టుకుందాం. రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే మ్యుటేషన్‌కి పెట్టాలి, పాస్ పుస్తకాలు ఎవరివి వారికి రావాలి.

కోర్టు మాట నువ్వే ముందు ఎత్తావు గనక చెబుతున్నాను, బెదిరించడానికి కాదు. పార్టిషన్ దావాలో ముందు ప్రాథమిక డిక్రీ, అది కూడా వాటాలు ఎంతో తేల్చడానికే. తర్వాత ఫైనల్ డిక్రీకి మళ్లీ పిటిషను, కమిషనరు, సర్వేయరు, ఆయన రిపోర్టు మీద మనిద్దరి అభ్యంతరాలు. ఈలోగా అప్పీళ్లు. దావా నడుస్తుండగా కొన్నవాడు కూడా తీర్పుకి కట్టుబడాలి కనుక పొలం సరైన ధరకి పోదు, బ్యాంకు అప్పూ పుట్టదు. చివరికి వచ్చేది పైన రాసిన తొమ్మిది భాగాల లెక్కే. పసుపు కుంకుమ పొలానికి నేను కట్టుకున్న జమ మాత్రం అక్కడ నీకు దక్కదు.

వచ్చే నెల రెండో శనివారం నేనూ మీ బావా తెనాలి వస్తాం. అమ్మ దగ్గరే కూర్చుని మాట్లాడదాం. మధ్యవర్తిగా పెదనాన్న కొడుకు ఉంటే నాకు అభ్యంతరం లేదు, లేదా నువ్వు ఎవర్ని పిలిచినా సరే. ఆలోగా ఈ ఉత్తరం జిరాక్సు మీద నీకు ఒప్పుకోలు కానివి మాత్రం ఎర్ర ఇంకుతో రాసి పంపించు. వదినకి కూడా చదివి వినిపించు.

నీ చెల్లెలు,
విజయ