మిక్సీ ఇంటికి, కానుక అమ్మకి

మాతృదినోత్సవ ప్రచారం: పూర్తి పాఠం

పత్రికల్లో, మొదటి పేజీ ప్రకటన

దయచేసి ఈ ఆదివారం అమ్మకి మిక్సీ కొనకండి.

మిక్సీలు తయారుచేసేవాళ్ళమే చెబుతున్నాం. కుక్కర్లు, ఓవెన్లు, ఫ్రిజ్‌లు, డిష్‌వాషర్లు కూడా మావే. ఇంట్లో మిక్సీ పాడైతే కొత్తది కొనుక్కోండి, మాదే కొంటే సంతోషం. కానీ దానికి రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, "అమ్మా, ఇది నీకోసం" అని ఇవ్వకండి. చట్నీ అందరూ తింటారు, మిక్సీ మాత్రం అమ్మదెలా అవుతుంది? వాషింగ్ మెషీన్‌ని నాన్న పుట్టినరోజుకి ఎవరైనా కానుకిస్తారా?

అమ్మే అడిగితే అది వేరే సంగతి. వంటంటే ప్రాణంపెట్టే అమ్మలున్నారు. ఫలానా ఓవెనే కావాలని, దాని లోపలి కొలతలతో సహా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకి అదే కొనివ్వండి, రిబ్బను కూడా కట్టండి. వంటగది మొహమే చూడని అమ్మలూ ఉన్నారు, వంటే వృత్తిగా పదిమందికి జీతాలిచ్చే అమ్మలూ ఉన్నారు. వీళ్ళలో ఎవరు మంచి అమ్మో తేల్చడం మిక్సీ కంపెనీ పని కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో జీతం లేకుండా జరిగే ఇంటిచాకిరీ, సంరక్షణ పనుల గంటల్లో 76.2 శాతం ఆడవాళ్ళవే. రోజుకి సగటున వాళ్ళు 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్ళు 1 గంట 23 నిమిషాలు. మా మెషీన్లు ఇందులో కొన్ని నిమిషాలు తగ్గించగలవు, అందుకే వాటిని అమ్ముకుంటున్నాం. ఆ పని ఎవరిదన్నది మాత్రం ఏ మెషీనూ మార్చలేదు. అలాంటి బటన్ మేమింకా కనిపెట్టలేదు.

ఈ పండగ కథ కూడా వినండి. ఆన్ రీవ్స్ జార్విస్ అనే ఆవిడ పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో తల్లులను కూడగట్టి సంఘాలు పెట్టింది. వంటల పోటీలకి కాదు. పసిపిల్లలు జబ్బులతో చనిపోతుంటే పారిశుద్ధ్యం కోసం, శుభ్రమైన నీళ్ళకోసం, మందులకోసం. ఆవిడ గుర్తుగా కూతురు ఆనా జార్విస్ 1908లో మొదటి మాతృదినోత్సవం జరిపించింది. 1914లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ మే రెండో ఆదివారాన్ని అధికారికంగా ప్రకటించాడు. ఆ తర్వాత పూలవాళ్ళు, కార్డులవాళ్ళు, మిఠాయిలవాళ్ళు ఎగబడితే అదే ఆనా జార్విస్ వాళ్ళమీద కోర్టులదాకా వెళ్ళింది. అమ్మ పేరు చెప్పి అమ్ముకోవడం ఆమెకు సుతరామూ నచ్చలేదు. ఉండి ఉంటే ఈ ప్రకటనకీ నాలుగు పెట్టేదేమో. అయినా వేస్తున్నాం, ఒక్క మాట చెప్పడానికి:

మిక్సీ ఇంటికి. కానుక అమ్మకి. ఏం కావాలో ఆమెనే అడగండి.

ఈ మే నెలంతా మా ధరలు ఒకటే. ఆ ఆదివారానికని ప్రత్యేక తగ్గింపు లేదు.

చిన్న సినిమా, ఒక నిమిషం: "ఎక్కడుంది?"

(దర్శకుడికి ముందుమాట: నాన్న ఏదీ మాడ్చడు, ఒలకబోయడు, ఏప్రాన్ తలకిందులుగా కట్టుకోడు. చేతకాని మగవాడిని చూసి నవ్వడమంటే ఆ పని ఆడదానిదేనని ఇంకోసారి చెప్పడమే. పది చేతుల అమ్మవారి బొమ్మ, ఒక చేత్తో లాప్‌టాప్, ఇంకో చేత్తో గరిటె కూడా వద్దు. చివర్లో ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎవరికీ కళ్ళు చెమ్మగిల్లవు. వయొలిన్ అసలే వద్దు.)

వంటగది. కెమెరా కదలదు. అల్మారాలు, స్టవ్వు, మిక్సీ, డిష్‌వాషర్. ఉదయం.

కాలేజీ కుర్రాడు సొరుగులు వెతుకుతూ: "తాతయ్యా, మిక్సీ చిన్న జార్ ఎక్కడుంది?"

తాతయ్య గొంతు, బయటి నుంచి: "కింది అరలో, మూకుడు వెనకాల. మూత వేరేగా ఉంటుంది చూడు."

వెలుగు మారుతుంది. మధ్యాహ్నం. నానమ్మ స్టూలు మీద కూర్చుని డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతోంది. "ఒరేయ్, దీంట్లో ఉప్పు ఎక్కడ పోస్తారు?"

పదేళ్ళ పిల్లాడు వచ్చి అడుగున మూత తిప్పి చూపిస్తాడు. "ఇక్కడ నానమ్మా. ఎర్ర లైటు వెలిగినప్పుడే పోయాలి."

సాయంత్రం. నాన్న ఆఫీసు బట్టల్లోనే కూర కలుపుతున్నాడు. అమ్మ లోపలికి వస్తుంది, చేతిలో సగం విప్పిన సైకిల్ చెయిన్, వేళ్ళకి గ్రీజు. "ఏవండీ, పాతగుడ్డలు ఎక్కడున్నాయి?"

నాన్న తల తిప్పకుండా: "సింకు కింద, నీలం డబ్బాలో."

రాత్రి. అమ్మ ఒక్కతే స్టవ్వు దగ్గర, తనకిష్టమైనదేదో చేసుకుంటోంది. రుచి చూస్తుంది, ఇంకాస్త ఏదో వేస్తుంది. హాల్లోంచి కూతురు: "అమ్మా, నా చార్జర్ ఎక్కడుంది?"

అమ్మ: "నాకేం తెలుసే?"

తెరమీద అక్షరాలు: వంటగది అందరికీ తెలిసిన ఇల్లు.

ఆ తర్వాత: మిక్సీ ఇంటికి. కానుక అమ్మకి.

(అమ్మ చివరి మాటలో విసుగు వద్దు. నిజంగానే ఆమెకు తెలియదు, అంతే. ఇంట్లో ప్రతి వస్తువు ఆచూకీ ఒక్క మనిషి బుర్రలో ఉండటం కూడా పనే, ఏ గంటల లెక్కలోకీ రాని పని. సినిమా దానిగురించే, గరిటె ఎవరి చేతిలో ఉందన్నదాని గురించి కాదు.)

రేడియో, అర నిమిషం

తమ్ముడు: అక్కా, అమ్మకి కొత్త మిక్సీ కొందామా?

అక్క: అమ్మ అడిగిందా?

తమ్ముడు: లేదు, మనది పాడైంది కదా.

అక్క: అంటే ఇంటికి మిక్సీ కావాలి. సరే, కొందాం. మరి అమ్మకేం కొంటావ్?

తమ్ముడు: ...అడుగుదామా?

అక్క (కేకేస్తూ): అమ్మా! నీకేం కావాలే?

అమ్మ (దూరం నుంచి, క్షణం ఆలస్యం లేకుండా): బైనాక్యులర్స్! ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి! మోడల్ నెంబరు రాసిపెట్టుకున్నా!

తమ్ముడు (మెల్లగా): ఎప్పట్నించి?

గొంతు: మిక్సీ ఇంటికి. కానుక అమ్మకి.

సోషల్ మీడియా: "ఈ అమ్మలు చేసింది వేరే" వరస

ఒకటో పోస్టు. గిన్నెలు తోమే యంత్రానికి 1886లో పేటెంటు తీసుకున్నది జోసఫీన్ కాక్రేన్. గిన్నెల కొలతలు తీసి, వాటికి తగ్గట్టు తీగల అరలు చేయించి, బ్రష్షులతో కాకుండా నీటి ఒత్తిడితో కడిగించింది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టింది. మొదట కొన్నది ఇళ్ళవాళ్ళు కాదు, హోటళ్ళు. ఆవిడను గృహిణి అంటారా, ఇంజనీరంటారా, వ్యాపారి అంటారా? మూడూ అనండి.

రెండో పోస్టు. కాఫీ అడుగున మడ్డి నచ్చక మెలిటా బెంట్స్ ఇత్తడి గిన్నెకి చిల్లులు పొడిచి, కొడుకు నోటు పుస్తకంలోని అద్దుడు కాగితం పరిచింది. 1908లో కాగితం ఫిల్టర్‌కి హక్కులు నమోదు చేయించి కంపెనీ పెట్టింది. ఆ కంపెనీలో మొదటి పనివాళ్ళు భర్త, కొడుకులు. మొదటి మాతృదినోత్సవం కూడా ఆ ఏడాదే. ఆవిడకి ఆరోజు ఎవరేమిచ్చారోగానీ ఆవిడ మాత్రం కొడుక్కి ఉద్యోగం ఇచ్చింది.

మూడో పోస్టు. లిలియన్ గిల్‌బ్రెత్, పన్నెండుమంది పిల్లల తల్లి, పారిశ్రామిక ఇంజనీరు. వంటగదిలో ఎన్ని అడుగులు వృథాగా నడుస్తున్నామో కొలిచి, స్టవ్వు, సింకు, బల్ల ఎక్కడెక్కడుంటే నడక తగ్గుతుందో గీసి చూపించింది. వంటలో ఆవిడకి అంత ప్రవేశం లేదు. కొలవడంలో ఉంది.

(ఈ మూడింటికీ ఫొటో కింద "అమ్మ ప్రేమే వేరు" లాంటి వ్యాఖ్య రాయకండి. వాళ్ళ పని గురించి చెబుతున్నాం, చాలు.)

కామెంట్లలో గొడవ వస్తుంది, తప్పదు. "మా అమ్మ చేతివంట తక్కువనా మీ ఉద్దేశం?" అంటే ఇలా జవాబివ్వండి: "కానే కాదండీ. ఆ వంట మీకు నచ్చితే ఆ మాట ఆవిడకి చెప్పండి, ఎలా చేస్తుందో నేర్చుకోండి." "మగవాళ్ళని వంటింట్లోకి నెడుతున్నారు" అంటే: "మా మెషీన్‌కి బటన్ నొక్కింది ఎవరో తెలియదండీ." రెండోసారి వాదనకి దిగకండి.

దుకాణాల్లో, సర్వీసులో

ఈ ఆదివారం వంటింటి వస్తువులకి గిఫ్ట్ ప్యాకింగ్ లేదు. ఎవరైనా అడిగితే నవ్వుతూ, "ఆవిడే కావాలన్నారా?" అని ఒక్కసారి అడగండి. ఔనంటే ప్యాక్ చేసేయండి, ఉపన్యాసం ఇవ్వొద్దు.

కౌంటర్ దగ్గర దంపతులు నిలబడితే ధర, వారంటీ సంగతులు ఆయనకీ, వాడే విధానం ఆమెకీ చెప్పడం మానాలి. అన్నీ ఇద్దరికీ చెప్పండి. "మేడమ్, మీ పని ఎంత తేలికో చూడండి" బదులు "పని ఎంత తేలికో చూడండి".

ఇంటికి డెమోకి వెళ్ళే టెక్నీషియన్ తలుపు తీసినవాళ్ళని "ఇంట్లో ఆడవాళ్ళు లేరా?" అని అడగకూడదు. తలుపు తీసినవాళ్ళకే మొదలుపెట్టండి. కనీసం ఇద్దరి చేత జార్ బిగింపించి, విప్పించి, బ్లేడు కడిగించాకే డెమో అయినట్టు. పిల్లలు చూస్తుంటే బ్లేడు పదును సంగతి ముందు చెప్పండి. పెట్టెలో ఒక కార్డు ఉంటుంది: "ఈ మెషీన్ వాడటం వచ్చినవాళ్ళు". దానికింద ఖాళీ గీతలు ఐదు. ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి.

ఖాతాదారులకి ఏప్రిల్ చివర్లో పంపే మెసేజ్

నమస్కారం. వచ్చే రెండు వారాలు మాతృదినోత్సవం గురించి మా నుంచి మెసేజ్‌లు వస్తాయి. అమ్మను పోగొట్టుకున్నవాళ్ళకి, అమ్మ కాలేకపోయినవాళ్ళకి, బిడ్డకి దూరమైనవాళ్ళకి, ఏ కారణంగానైనా ఈ రోజు కష్టంగా ఉండేవాళ్ళకి అవి అక్కర్లేకపోవచ్చు. "వద్దు" అని జవాబివ్వండి. కారణం అడగం. మీ సర్వీసు రిమైండర్లు, వారంటీ సమాచారం మాత్రం ఎప్పటిలాగే వస్తాయి.