బస్సు ఎక్కే వేళ మార్చమని ప్రిన్సిపాల్ గారికి విన్నపం

తాడిగడప, విజయవాడ
24 నవంబరు 2025

ప్రిన్సిపాల్ గారికి,
కానూరు.

విషయం: యూకేజీ ‘బి’ సెక్షన్ విద్యార్థిని హన్వికను 7వ నంబరు బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకోవడానికి, మధ్యాహ్నం వెళ్లేటప్పుడే దించడానికి అనుమతి కోరుతూ.

మేడం గారికి నమస్కారం.

మా అమ్మాయి హన్విక యూకేజీ చదువుతోంది. వచ్చే ఫిబ్రవరికి అయిదేళ్లు నిండుతాయి. మా ఇంటి నుంచి బడికి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరానికి పాప రోజూ ఉదయం గంటంపావు బస్సులో కూర్చుంటోంది. బస్సు ఆలస్యంగా వస్తోందని కాదు, డ్రైవరు గారి తప్పు అసలే కాదు. మాకు రాసిన వేళే అలా ఉంది. దాన్ని మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

7వ నంబరు బస్సు పోరంకిలో బయలుదేరి 6.50కి తాడిగడప సెంటరుకు వస్తుంది. హన్విక అక్కడ ఎక్కుతుంది. బస్సు వెంటనే వంద అడుగుల రోడ్డులోకి తిరిగి ఎనికేపాడు, నిడమానూరు వెళ్లి, అక్కడి పిల్లలను ఎక్కించుకొని, మళ్లీ అదే వంద అడుగుల రోడ్డు మీదుగా వెనక్కి వస్తుంది. 7.45 ప్రాంతంలో మా సందు మొదట్లో మందుల దుకాణం దగ్గర ఆగుతుంది. మూడో తరగతి బాబు ఒకడు అక్కడ ఎక్కుతాడు. అంటే 6.50కి ఇంటి దగ్గర ఎక్కిన మా అమ్మాయి 55 నిమిషాలు తిరిగి తిరిగి మళ్లీ ఇంటి దగ్గరకే వస్తోంది. మా మేడ మీద ఆరేసిన తన రెండో జత యూనిఫాం బస్సు కిటికీలోంచి కనిపిస్తుందట. “అమ్మా, మనిల్లు వచ్చింది దిగుతానంటే ఆయమ్మ వద్దంది” అని ఒక రోజు నాతో చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాబట్టి నేను కోరేది: పాపను 6.50కి కాకుండా, 7.45కి ఆ మందుల దుకాణం దగ్గర, ఆ బాబుతో పాటు ఎక్కించుకోవాలి. బస్సు ఎలాగూ అక్కడ ఆగుతోంది కనుక కొత్త స్టాపు పెట్టనక్కరలేదు, దారి మార్చనక్కరలేదు. పైగా ఉదయం తాడిగడప సెంటరులో ఎక్కేది మా అమ్మాయి ఒక్కతే. అక్కడ ఆగే పని తప్పుతుంది.

నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను, ఏదైనా వేళతో సహా రాసిపెట్టుకోవడం అలవాటు. ఈ నెల 10 నుంచి 21 వరకు, శని, ఆదివారాలు మినహా పది రోజులు, బస్సు వచ్చిన వేళ మా అత్తగారు చెబితే నేను రాసుకున్నాను. బడికి చేరిన వేళ ఆయమ్మ చెప్పింది. బస్సు తాడిగడపకు 6.48, 6.55 మధ్య వచ్చింది. బడికి 8.02కు ముందు ఒక్క రోజు కూడా చేరలేదు, ఒక రోజు 8.14 అయింది. ఆ కాగితం జతచేస్తున్నాను.

6.50కి బస్సు ఎక్కాలంటే పాపను 5.45కే లేపాలి. ఆ వేళకు తినమంటే తినదు, పాలు తాగిస్తే కుదుపులకు వాంతి. ఈ నెలలో రెండుసార్లు అయింది. ఇంకొక సంగతి చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది గాని చెప్పక తప్పదు. 18వ తేదీన బస్సులోనే బట్టలు తడుపుకొంది. ఇంట్లో ఒంటికి వెళ్లే బయలుదేరుతుంది, కానీ ఆ వయసు పిల్లకు గంటంపావు ఆపుకోవడం కష్టం. ఆయమ్మ తన కొంగుతో తుడిచి, బడికి చేరగానే బట్టలు మార్చింది. ఆవిడకు ఎంత చెప్పినా తక్కువే. ఆ రోజు నుంచి పాప పొద్దున మంచినీళ్లు కూడా ముట్టడం లేదు.

డిసెంబరు, జనవరి వస్తే ఇంకా ఇబ్బంది. మా వైపు ధనుర్మాసంలో మంచు ఎలా పడుతుందో మీకు తెలియనిది కాదు. ఏడు గంటలకు కూడా ఎదుటి లారీ కనిపించదు. ఇప్పుడు బస్సు ఆగేది బందరు రోడ్డుకు అవతలి పక్క. మా ఇల్లు ఇవతల. నాకు నైటు డ్యూటీ ఉన్న వారం పాపను తీసుకువెళ్లేది మా అత్తగారే. ఆవిడకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో బ్యాగును పట్టుకొని, మచిలీపట్నం వెళ్లే బస్సుల మధ్య ఆ హైవే దాటాలి. మందుల దుకాణం మా ఇంటి వైపే ఉంది, ఒక్క రోడ్డు కూడా దాటనక్కరలేదు.

మధ్యాహ్నం సంగతీ ఇంతే. బడి 3.30కి వదిలితే బస్సు 3.45కే మా ఇంటి దగ్గరగా వెళ్తుంది. పాపను మాత్రం నిడమానూరు వెళ్లి తిరిగి వచ్చాక, 4.40కి దించుతున్నారు. చాలా రోజులు నిద్రలోనే దిగుతోంది. వంద అడుగుల రోడ్డులోకి తిరగగానే ఎడమ పక్కన దించితే చాలు. అక్కడ ఒక రోడ్డు దాటాల్సి వస్తుంది గాని అది హైవే అంత భయం కాదు, మావాళ్లు వచ్చి తీసుకుంటారు.

మా వైపు నుంచి ఇవి పాటిస్తాం. ఉదయం 7.40కే మందుల దుకాణం దగ్గర నిలబడతాం. బస్సు వచ్చేసరికి మేము లేకపోతే ఆగనక్కరలేదు, ఆ రోజు మేమే స్కూటరు మీద దించుతాం. మధ్యాహ్నం పాపను అందుకునేది మా అత్తగారు గాని, మా వారు గాని, నేను గాని. ముగ్గురి ఫోటోలు, ఆధార్ నకళ్లు జతచేశాను. వేరే ఎవరు వచ్చినా, తెలిసినవాళ్లమని చెప్పినా అప్పగించవద్దు. ఎవరూ రాకపోతే పాపను బస్సులోనే ఉంచుకొని అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబర్లకు ఫోను చేయమని ఆయమ్మకు చెప్పండి. తిరుగు ప్రయాణంలో 4.40కి మేము తప్పక ఉంటాం.

7.45కి బస్సులో సీటు ఉంటుందా అన్న అనుమానం మీకు రావచ్చు. పాప ఇప్పుడు కూర్చునే సీటు తనకే ఉంటుంది కదా, దాన్ని అలాగే ఉంచితే సరిపోతుంది. ముందు వరుసలో, ఆయమ్మకు దగ్గరగా ఉంటే మరీ మంచిది. ఫీజు తగ్గించమని అడగడం లేదు. పూర్తి ఏడాది బస్సు ఫీజు జూన్‌లోనే కట్టేశాం.

ఈ సంగతి అక్టోబరులో ఒకసారి బస్సుల ఇన్‌చార్జి గారికి నోటిమాటగా చెప్పాను. ఏడాది మొదట్లో వేసిన జాబితా మధ్యలో మార్చరని అన్నారు. జాబితా తిరగరాయమని కాదు మేడం, అందులో ఒక పేరును ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జరపమని మాత్రమే నా మనవి. ఆయన మీద ఫిర్యాదుగా దీన్ని తీసుకోవద్దు.

ఒకవేళ ఇది కుదరదంటే, కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీదుగా నేరుగా వచ్చే 3వ నంబరు బస్సుకు మార్చినా సరే. అది తాడిగడప సెంటరుకు 7.40కి వస్తుంది. హైవే దాటే తిప్పలు తప్పవు గాని పాపకు దాదాపు గంట నిద్ర మిగులుతుంది.

డిసెంబరు 1, సోమవారం నుంచి మార్పు అమలయితే మేలు. ఈ వారం నాకు నైటు డ్యూటీ, ఉదయం పది తర్వాత ఇంట్లోనే ఉంటాను. బుధవారం గాని గురువారం గాని రమ్మంటే వచ్చి కలుస్తాను. నిర్ణయం ఏదయినా డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి, డ్రైవరు గారికి, ఆయమ్మకు కూడా ముందే తెలిసేలా చూడండి. లేకపోతే సోమవారం పొద్దున వాళ్లు సెంటరులో మా కోసం హారన్ కొడుతుంటారు.

ఇట్లు,
భవదీయురాలు,
సునీత
(హన్విక తల్లి, యూకేజీ ‘బి’)

జతచేసినవి: పది రోజుల వేళల కాగితం, పాపను అందుకునే ముగ్గురి ఫోటోలు, ఆధార్ నకళ్లు, జూన్ నెల బస్సు ఫీజు రసీదు నకలు.